ద్వారపాలకుడి వేలు నిలవాలంటే: గ్రానైట్ వాటం, ఉలి, పని దశలు

జయవిజయుల విగ్రహాల్లో మొదట విరిగేది తర్జని ముద్రలో పైకి లేపిన చూపుడు వేలు. ఈ మధ్య మా పనిచోట ఒక వైష్ణవాలయానికి చేసిన జంటలో ఆ వేలు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల మందం వచ్చింది. అంత సన్నటి రాతి ముక్క చెక్కుతుండగానే రాలిపోతుందా, తరాల పాటు నిలుస్తుందా అన్నది ఉలి పట్టకముందే, క్వారీలోనే సగం తేలిపోతుంది. రాయి ఏ దిక్కుకు తేలిగ్గా చీలుతుందో కనిపెట్టి, ఆ దిక్కుకు తగ్గట్టు విగ్రహాన్ని రాతిలో పడుకోబెడితే వేలు దక్కుతుంది. ఆ జంట విగ్రహాల పని క్వారీ నుంచి పీఠం దాకా ఎలా నడిచిందో, ఎక్కడెక్కడ జాగ్రత్త పడాల్సి వచ్చిందో రాస్తున్నాను.

ముందు రాయి సంగతి. మూలవిరాట్టుకు ఎక్కువగా వాడే నల్లరాయిని వ్యాపారంలో నల్ల గ్రానైట్ అంటారు గానీ అది చాలాచోట్ల డోలరైట్ అనే వేరే జాతి రాయి. రామప్ప గుడి మదనికలు చూస్తే ఆ జాతి రాయి ఎంత సన్నటి పనికి లొంగుతుందో తెలుస్తుంది. అందులో చీలే దిక్కు అంత స్పష్టంగా ఉండదు. మేము ద్వారపాలకులకు తీసుకున్నది రాయలసీమ గుట్టల్లో దొరికే బూడిదరంగు అసలు గ్రానైట్. దీనికి దిక్కు తప్పకుండా ఉంటుంది, అది తెలియకుండా పని మొదలుపెట్టకూడదు.

రేణువు సన్నగా ఉన్న రాయినే ఎంచుకోవాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువు ఉన్నది ముక్కుకు, వేళ్లకు పనికొస్తుంది. అర సెంటీమీటరు దాటిన ఫెల్డ్‌స్పార్ పలుకులు ఉన్న రాయి చూడ్డానికి అందంగా ఉండొచ్చు, స్తంభాలకూ మెట్లకూ బాగానే ఉంటుంది. సన్నటి అవయవాలకు మాత్రం వద్దు. ఫెల్డ్‌స్పార్ తన సొంత పొరల వెంట అద్దం ముక్కలా విడిపోతుంది. రెండు సెంటీమీటర్ల వేలిలో అంతటి పలుకు ఒకటి అడ్డంగా పడితే వేలి మందంలో నాలుగో వంతు ముందే పగిలి ఉన్నట్టు లెక్క.

గ్రానైట్‌కు మూడు వాటాలు, అంటే చీలే దిక్కులు, ఉంటాయి, ఒకదానికొకటి దాదాపు లంబంగా. తేలిగ్గా చీలేది సులువు వాటం, క్వారీ వాళ్లు దాన్ని రిఫ్ట్ అంటారు. దాని తర్వాతది రెండో వాటం, వాళ్ల మాటలో గ్రెయిన్. మూడోది మొండి వాటం, హార్డ్‌వే. ఇసుకరాయిలో ఉన్నట్టు ఇవి పొరలు పొరలుగా పేరుకున్నవి కావు. రాతిలోని స్ఫటికం, అంటే క్వార్ట్జ్, రేణువుల్లో కంటికి కనిపించని సన్నటి పగుళ్లు కోట్ల ఏళ్ల నాటి ఒత్తిడికి ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. అభ్రకం రేకులు కూడా కొన్ని రాళ్లలో అదే దిక్కుకు వాలి ఉంటాయి. అందుకే పైపైన చూస్తే మూడు వైపులా ఒకేలా కనిపించే రాయి, సమ్మెట దెబ్బకు మూడు రకాలుగా మాట్లాడుతుంది.

వాటం తెలుసుకోవడానికి మేము చేసేది ఇది. క్వారీలో రాయి తీసే మెట్టును బెంచి అంటారు, ఆ బెంచి నుంచే తాజాగా రాలిన పిడికెడు పెంకులు ఏరి, ఏ ముఖం నున్నగా, చదునుగా పగిలిందో చూస్తాం. సులువు వాటం ముఖం సాపుగా ఉంటుంది, మొండి వాటం ముఖం ఎగుడుదిగుడుగా, చేతికి గరుకుగా తగులుతుంది. తర్వాత రాతి మీద ఒక చదును చోట, జానెడు పొడవున రెండు గీతలు ఒకదానికొకటి అడ్డంగా గీసి, ఒకే ఉలితో ఒకే బలంతో రెండు గీతల మీదా గుంటలు పొడుస్తాం. గీత సులువు వాటం వెంట ఉంటే గుంటకూ గుంటకూ మధ్య రాయి దానంతట అదే లేస్తుంది. అడ్డంగా ఉన్న గీతలో గుంటలు విడివిడిగా ఉండి పొడి మాత్రమే రాలుతుంది. మూడోది నీళ్ల పరీక్ష. ముఖాన్ని బాగా తడిపి ఆరనిస్తే, పగుళ్లు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరుతుంది. దిక్కు తెలియడంతో పాటు, వెంట్రుక మందం చీలికలు కూడా నల్లటి గీతల్లా బయటపడతాయి. ఎండలో పది నిమిషాలు ఓపిగ్గా నిలబడి చూడాలి, రాయి పూర్తిగా ఆరిపోయాక ఏమీ కనిపించదు.

శబ్దం కూడా చూస్తాం. శిల్పశాస్త్రం చెప్పే పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల భేదంలో నాదానిదే ముఖ్యపాత్ర. సుత్తితో తడితే గంటలా మోగి నాదం కొంతసేపు నిలిచేది దేవతామూర్తికి, మోగకుండా దబ్‌మనేది పునాదికి. ఆ మాటలో పక్కా పని లెక్క ఉంది. లోపల చీలిక ఉన్న రాయి మోగదు. అయితే రాయి నేలకు అతుక్కుని ఉండగా కొట్టి చూసి నిర్ణయించకూడదు. కింద రెండు దుంగలు పెట్టి లేపాకే నాదం నిజం చెబుతుంది. ఒక చివర బాగా మోగి ఇంకో చివర మొద్దుగా ఉంటే, మొద్దు మొదలైన చోటి నుంచి జానెడు ఇవతలికి గీత గీసి, అవతలి ముక్కను లెక్కలోంచి తీసేస్తాం.

శాస్త్రంలో ఇంకో నియమం ఉంది. నేల మీద పడుకుని ఉన్న శిలకు కింది ముఖమే విగ్రహానికి ముందు భాగం కావాలి, పైముఖం వీపు కావాలి. మా గుట్టల రాయికి ఈ నియమం అచ్చంగా సరిపోతుంది. ఈ గుట్టల్లో గ్రానైట్ పెద్ద పెద్ద పలకలుగా, ఉల్లిపాయ పొరల్లా, గుట్ట వాలు వెంట విడిపోయి ఉంటుంది. పలక పైముఖం ఎండకు కాగి, వానకు తడిసి కొన్ని సెంటీమీటర్ల లోతు దాకా డొల్లబారి ఉంటుంది. కింది ముఖం బతికి ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మేము తీసుకున్న బెంచిలో సులువు వాటం కూడా దాదాపు పలకకు సమాంతరంగానే, అంటే నేల వెంటే పడుకుని ఉంది. పలకలో మూర్తిని వెల్లకిలా కాదు, బోర్లా పడుకోబెట్టి చెక్కి నిలబెడితే, సులువు వాటం విగ్రహం ఛాతీకి సమాంతరంగా నిలుస్తుంది. సన్నటి పలకలు ముందు నుంచి వెనక్కి పేర్చినట్టు అన్నమాట. పైకి లేచిన వేలు, గద, కాళ్లు, పక్కలకు చాచిన చేతులు అన్నీ ఆ పలకల పొడవు వెంట ఉంటాయి. వేలు విరగాలంటే పలకలన్నిటినీ అడ్డంగా తెంచాలి, అది మొండి పని.

అదే బెంచిలో విగ్రహాన్ని నిలువుగా తీసి ఉంటే సులువు వాటం వేలికి అడ్డంగా పడేది. బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరలా ఉండే ఆ వేలు, పక్కన సుత్తి తగిలినా పోతుంది. సులువు వాటం అన్ని క్వారీల్లోనూ అడ్డంగానే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. కొన్నిచోట్ల నిలువుగా ఉంటుంది, పక్క బెంచిలోనే తిరిగిపోవచ్చు. అందుకే నియమాన్ని నమ్ముతూనే పెంకుల పరీక్ష కూడా చేస్తాం.

ఇక కొలతలు. దేహానికి నవతాళం తీసుకున్నాం, అంటే 108 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే టేపు మీది అంగుళం కాదు, కిరీటం, పీఠం లేకుండా దేహం ఎత్తులో 108వ వంతు. ఒక్కో అంగుళం ఒకటిన్నర సెంటీమీటర్లుగా పెట్టుకున్నాం. ముఖం 12, మెడ 4, మెడ నుంచి హృదయం 12, అక్కడి నుంచి నాభి 12, నాభి నుంచి తొడల మొదలు 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. మొత్తం 108, అంటే 162 సెంటీమీటర్లు. దాని పైన కిరీటానికి 30, కింద పీఠానికి 18, పీఠం కింద గూటిలో దిగే కాడకు 20 కలిపితే 230. అటూ ఇటూ సవరణకు మరో 10 కలుపుకుని 240 పొడవు, 90 వెడల్పు, 60 మందం ఉన్న దిమ్మె అడిగాం. గ్రానైట్ ఘనమీటరుకు సుమారు 2.65 టన్నులు కాబట్టి దిమ్మె ఒక్కోటి మూడున్నర టన్నులకు కాస్త తక్కువ తూగుతుంది. విగ్రహం పూర్తయ్యేసరికి అందులో దాదాపు మూడో వంతు మిగులుతుంది. జంట విగ్రహాలు కాబట్టి రెండు దిమ్మెలూ ఒకే బెంచి నుంచి, ఒకే వరసలో పక్కపక్కన తీయించాం. వేర్వేరు చోట్ల తెస్తే ద్వారానికి అటొక రంగు, ఇటొక రంగు అవుతుంది.

హంపి వెళ్లిన వాళ్లు బండల అంచుల్లో వరసగా చతురస్రపు గుంటలు చూసే ఉంటారు. పాతకాలం పద్ధతి అదే. ఉలితో వరసగా గుంటలు తీసి, వాటిలో చీలలు దిగగొట్టి బండను చీల్చేవారు. ఇప్పుడు కంప్రెసర్ మీద నడిచే జాక్‌హ్యామర్‌తో మూడు సెంటీమీటర్ల పైచిలుకు వ్యాసం రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో రెండు ఇనుప రెక్కలు పెట్టి, వాటి మధ్య చీల దింపుతారు. సూత్రం మాత్రం మారలేదు. దిమ్మె చివరలు మొండి వాటం, అక్కడ రంధ్రాలు పది సెంటీమీటర్లకొకటి, మందంలో దాదాపు కింది అంచు దాకా వేయాలి. వెనక అంచు రెండో వాటం, పదిహేను సెంటీమీటర్లకొకటి చాలు. అడుగు ముఖం సులువు వాటం కాబట్టి ఇరవై సెంటీమీటర్ల ఎడం ఉన్నా సాపుగా లేస్తుంది. ముందు చివరలు తెంపుకుని, తర్వాత వెనక, చివర అడుగు లేపాలి. తేలికైన ముఖాన్ని ముందే తెరిస్తే, ఆ తర్వాత మొండి చివరల్లో కొట్టే దెబ్బల బలం ఆ తెరుచుకున్న వైపు పారిపోయి చీలిక వంకర తిరుగుతుంది. తీగతో రాయి కోసే వైర్ సా ఉన్న క్వారీలో చివరల్ని దాంతోనే కోయించుకోవడం మేలు.

చీలలు కొట్టే తీరులోనే ఉంది నేర్పంతా. ఒక్కో చీలకు ఒక్క దెబ్బ, వరసగా ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. చీల బిగుస్తున్న కొద్దీ దెబ్బ శబ్దం సన్నబడి కీచుమంటుంది. ఎక్కడో ఒకచోట శబ్దం ఉన్నట్టుండి మొద్దుబారితే అక్కడ రాయి విడిందని అర్థం. అప్పుడు సమ్మెట దించి పావుగంట ఆగాలి. రాయి తనంతట తాను మిగతా దూరం చీలుతుంది, చెవి పెడితే చిటపటలు వినిపిస్తాయి. ఆగకుండా బాదితే చీలిక గీత వదిలి లోపలికి దిగుతుంది, దిమ్మె అడుగున బొడిపె మిగలడమో లొట్ట పడడమో ఖాయం.

శిల్పానికి తీసే రాతిని మందుగుండుతో లేపనివ్వకూడదు. రోడ్డు కంకరకు, కట్టుడు రాయికి ఫర్వాలేదు. పేలుడు అదురుకు రాతిలో పుట్టే పగుళ్లు మొదట కనిపించవు, నునుపు చేశాక ముఖం మీద గీతలై తేలుతాయి. బండ మీద కట్టెలు కాల్చి ఆ వేడికి పలక లేపే పాత పద్ధతి కూడా ఇంతే. పరుపు బండలకు అది చక్కటి పద్ధతి, విగ్రహానికి కాదు. కాలిన గ్రానైట్ పైపొర తట్టితే పెచ్చులుగా ఊడుతుంది.

దిమ్మె లారీ ఎక్కకముందే దాని మీద చెరగని రంగుతో మూడు గుర్తులు వేయించాం. కింది ముఖానికి ఒక గుర్తు, తల వైపుకు బాణం, పక్క ముఖం మీద సులువు వాటం వెంట సమాంతర గీతలు. ఈ పని క్వారీలోనే జరగాలి. పనిచోటికి వచ్చి నాలుగు వైపులా చదును చేశాక ఏది కిందిదో ఏది పైదో ఎవరూ చెప్పలేరు.

పనిచోట దిమ్మెను తిరగేసి, ముందు ముఖం పైకి వచ్చేలా ఇసుక బస్తాల మీద పడుకోబెడతాం. పలక అడుగు వైపు తుప్పు రంగు మరక రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ముందు అది పోవాలి. తర్వాత మళ్లీ తడిపి చూశాం. రెండో దిమ్మెలో ఎడమ భుజం వచ్చేచోట తెల్లటి ఈనె ఒకటి ఏటవాలుగా కనిపించింది. ఈనె అంటే పాత చీలికలో స్ఫటికం నిండి గట్టిపడినది, కొన్నిసార్లు చుట్టూ ఉన్న రాయి కంటే బలంగానే ఉంటుంది. దాని మీద నడిచిన ఉలి మాత్రం జారుతుంది, ముఖం మీద పడితే మచ్చ పోదు. పక్క ముఖంలో దాని వాలు కొలిచి చూస్తే లోపలికి పోయేకొద్దీ బయటి అంచు వైపు తప్పుకుంటోంది. మధ్యగీతను, అంటే బ్రహ్మసూత్రాన్ని, ఆరు సెంటీమీటర్లు కుడికి జరిపి గీస్తే ఈనె భుజం వెనక, చెక్కి పారేసే రాతిలో పడింది. అదనంగా అడిగిన వెడల్పు ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది.

బ్రహ్మసూత్రం గీశాక ఎర్రకావితో ముందు ముఖం మీద మూర్తి నిలువు రూపం, పక్క ముఖం మీద పక్క రూపం వేస్తాం. తాళమానం గీతలు నాలుగు ముఖాల మీదా చుట్టూ తిరగాలి, ఎందుకంటే ముందు గీత చెక్కుడులో పోతే పక్క గీత చూసి మళ్లీ వేసుకోవాలి. నాలుగు చేతుల మూర్తి కనుక వెనక చేతుల్లో శంఖచక్రాలు వస్తాయి. చక్రాన్ని ఎదురుగా, చూసేవాళ్ల వైపు తిప్పి పెట్టాం. అంచు ముందుకు ఉండేలా ప్రయోగ చక్రంగా పెడితే దాని పలక సులువు వాటాన్ని అడ్డంగా కోస్తుంది, ముందుకు పొడుచుకొచ్చిన అంచు పొర పొరగా రాలుతుంది. స్థపతి అలాగే కావాలంటే ఆ అంచు మందం పెంచడం ఒక్కటే దారి.

మొదటి దశ ముద్ద తీయడం. డైమండ్ బ్లేడు ఉన్న కట్టర్‌తో, నీళ్లు పోస్తూ, రెండు మూడు సెంటీమీటర్లకొక గాడి చొప్పున కోసి, మధ్యలో మిగిలిన రెక్కల్ని సుత్తితో విరగ్గొడతాం. ఇక్కడ వాటం ఎలా పనిచేస్తుందో కళ్లారా కనిపిస్తుంది. ముందు ముఖంలో రెక్కలు మొదట్లో విరిగే తలం సులువు వాటమే కాబట్టి ఒక్క దెబ్బకు మొదలంటా ఊడిపోతాయి. అది సుఖమే గానీ ప్రమాదం కూడా అందులోనే ఉంది. విరుపు ఒక్కోసారి గాడి అడుగును దాటి మూర్తి ఒంట్లోకి పాకుతుంది. అందుకే ముందు వైపు గాడి లోతును కావలసిన గీతకు ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఆపుతాం. పక్కల్లో రెక్కలు ముక్కలు ముక్కలుగా విరిగి మోడులు మిగులుతాయి, వాటిని ఉలితోనే తీయాలి, అక్కడ గీతకు దగ్గరగా వెళ్లినా భయం లేదు.

ఉలి పనిలో గ్రానైట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మెత్తటి రాతిని ఉలి గీరుతుంది, గ్రానైట్‌ను నలగ్గొడుతుంది. ముద్ద పనికి మొన ఉలి, దాని మొన సూదిలా కాకుండా మొండి పిరమిడ్‌లా ఉండాలి, కిలోన్నర సుత్తితో దాదాపు నిలువుగా కొట్టాలి. ప్రతి దెబ్బ కిందా రాయి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు నలిగి తెల్లబడుతుంది. పైకి చదునుగా కనిపించినా ఆ నలిగిన పొర అలాగే ఉంటే, నునుపు పట్టినప్పుడు తెల్ల చుక్కలుగా తేలుతుంది. చాలామంది నునుపు సరిగ్గా రాలేదని రాళ్లు మార్చి మార్చి రుద్దుతారు, దోషం నాలుగు దశల వెనక ఉంటుంది. దీనికి మందు ఒకటే, ప్రతి దశా తర్వాతి దశకు తగినంత రాయి మిగల్చాలి. ముద్ద ఉలి పూర్తయ్యేసరికి గీతకు పైన ఒక సెంటీమీటరు ఉండాలి. కిలో సుత్తితో రెండో ఉలి దాన్ని అయిదు మిల్లీమీటర్లకు దించుతుంది. అరకిలో సుత్తి, సన్న మొనతో రెండు మిల్లీమీటర్లకు వస్తుంది. ఆ మిగిలిన రెండూ పళ్ల సుత్తి దెబ్బలకూ, రుద్దే కార్బొరండం సానరాళ్లకూ.

ఇప్పుడు కార్బైడ్ ముక్క అతికిన ఉలులు దొరుకుతాయి, ముద్ద పనికి వాటినే వాడతాం. సన్న పనికి ఇప్పటికీ కొలిమిలో కాల్చి సాగదీసిన ఉక్కు ఉలులే నా చేతికి నచ్చుతాయి, మొన మనకు కావలసిన తీరుకు తెచ్చుకోవచ్చు. గ్రానైట్ మీద ఉక్కు మొన త్వరగా మొద్దుబారుతుంది, ఒక శిల్పికి రోజుకు ఇరవై ముప్పై ఉలులు సిద్ధంగా ఉండాలి. నీరు పెట్టే తీరు ఇలా ఉంటుంది. మొనను ఎర్రగా కాల్చి, చివర సెంటీమీటరు మాత్రం నీళ్లలో ముంచి తీసి, వెంటనే సానరాతి మీద ఒకసారి రుద్దితే ఉక్కు తెల్లగా మెరుస్తుంది. పైన మిగిలిన వేడి కిందికి దిగుతుంటే ఆ మెరుపు మీద రంగులు పాకుతాయి. ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఊదా, చివర నీలం. గ్రానైట్‌కు గడ్డి రంగు ముదిరి గోధుమకు మారే క్షణంలో మొత్తం ముంచేయాలి. నీలం దాకా ఆగితే మొన రాతి మీద నలుగుతుంది. రంగు రాకముందే ముంచితే టక్కున విరిగి రాతిలో ఇరుక్కుంటుంది. ఎండలో ఈ రంగులు కనిపించవు, కొలిమిని ఎప్పుడూ నీడలోనే పెట్టాలి.

ఉలి నడిచే దిక్కుకు వస్తే, ముందు ముఖంలో ఉలిని వాల్చి కొడితే పొర కింద దూరి వెడల్పాటి పెంకు లేపుతుంది. పొట్ట, తొడల వంటి విశాలమైన చోట అది పని వేగం పెంచుతుంది. అంచుల దగ్గర మాత్రం ఎప్పుడూ అంచు నుంచి ఒంటి వైపుకే కొట్టాలి. లోపలి నుంచి అంచుకు కొడితే అంచు రాలుతుంది. ముక్కు విషయంలో ఇది ప్రాణం. ముక్కు మాత్రమే ముందుకు, అంటే పొరలకు అడ్డంగా లేచిన అవయవం. పక్క నుంచి ఒక్క దెబ్బ పడితే ముక్కు కొన పొరగా ఎగిరిపోతుంది. అందుకని ముక్కు మీద మూడు మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచి, కొన దగ్గర చిన్న సుత్తితో పైనుంచి మాత్రమే, రాతి లోపలికి నొక్కినట్టు కొట్టి, చివరి రూపమంతా కార్బొరండం కడ్డీతో రుద్ది తెస్తాం. ముక్కు కింద రంధ్రాలు డ్రిల్లుతోనే.

మళ్లీ వేలి దగ్గరికి. మిగతా విగ్రహమంతా, ఆభరణాలతో సహా, పూర్తయ్యేదాకా ఆ చేతిని ఆరు సెంటీమీటర్ల మందం దిమ్మెగానే వదిలేస్తాం. చుట్టుపక్కల ఇంకా సుత్తి పడాల్సి ఉండగా వేలిని విడదీయకూడదు, అదురుకు పోతుంది. దాని వంతు వచ్చాక మడిచిన వేళ్లకూ చూపుడు వేలికీ మధ్య సందును ఆరు మిల్లీమీటర్ల డైమండ్ డ్రిల్లుతో, నీళ్ల ధార కింద, వరసగా రంధ్రాలు వేసి తెరిచాం. వేలి చుట్టూ తడి బంకమట్టి దట్టించి పైన గోనె చుట్టాం, కంపనాన్ని అది మింగేస్తుంది. సందు తెరుచుకున్నాక సుత్తి పూర్తిగా పక్కన పెట్టేయాలి. చిన్న చేతి గ్రైండరు, డైమండ్ ఆకురాయి, కార్బొరండం కడ్డీ, ఇవే పని ముగిస్తాయి. వేలి వెనక మొదటి కణుపు దాకా పల్చటి రాతి వంతెన ఒకటి తీయకుండా ఉంచాం. ముందు నుంచి చూస్తే కనిపించదు. పాత విగ్రహాల వెనకకు వెళ్లి చూడండి, ఇలాంటి వంతెనలు చాలాచోట్ల ఉంటాయి. పూర్తిగా విడదీయడమే గొప్ప అనుకునే శిల్పులతో నేను ఏకీభవించను. రోజూ జనం తాకే ద్వారం దగ్గర నిలిచే మూర్తి అది.

నునుపు విషయంలో తొందర లేదు గానీ చెప్పుకోవాల్సింది తక్కువ. ముఖం, చేతులు, ఛాతీ మాత్రం 60, 120, 220 నంబరు కార్బొరండం రాళ్లతో నీళ్లు పోస్తూ రుద్దాం. వస్త్రాన్ని, వెనక పలకను సన్న ఉలి గుంటలతోనే వదిలాం, అప్పుడు ఒంటి నునుపు విడిగా కనిపిస్తుంది. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి రాయి పట్టకూడదు, ఆరబెట్టి చూస్తే గీతలు కనిపిస్తాయి, తడిలో దాక్కుంటాయి.

దుమ్ము గురించి గట్టిగానే చెప్పాలి. గ్రానైట్‌లో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా స్ఫటికమే. పొడిగా కోస్తే లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో పాతుకుని సిలికోసిస్ తెస్తుంది, వచ్చాక అది తగ్గే జబ్బు కాదు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే కంటికి కనిపించే పెంకులు ఆగుతాయి, ప్రాణం తీసే సన్న ధూళి దాంట్లోంచి దూరిపోతుంది. కట్టర్ పనంతా నీళ్లతో చేయాలి, ఎన్95 లేదా అంతకు మించిన మాస్కు ముఖానికి సందు లేకుండా బిగించాలి. పనిచోటు ఊడ్చేటప్పుడు ముందు నీళ్లు చల్లాలి. ఇద్దరు శిల్పులు ఎదురెదురుగా కూర్చుని కోస్తుంటే ఒకరి దుమ్ము ఇంకొకరికి పోతుంది, గాలివాటం చూసి వరసగా కూర్చోవాలి.

విగ్రహాన్ని గుడికి పంపేటప్పుడు వీపు మీద పడుకోబెట్టి, నడుము కింద, భుజాల కింద ఇసుక బస్తాలు పెట్టి, చేతులకు ఏ బరువూ, ఏ తాడూ తగలకుండా కట్టాలి. లేపే బెల్టులు చంకల కింద కాదు, పీఠానికీ నడుముకూ. పీఠం కింద కాడ ఇరవై సెంటీమీటర్లు గూటిలోకి దిగుతుంది, గూడు కాడ కంటే చుట్టూ ఒక సెంటీమీటరు పెద్దగా ఉండాలి. బిగువుగా చేస్తే దింపేటప్పుడు అంచులు పెట్లుతాయి. సందులో సన్న ఇసుక కలిపిన సున్నం గచ్చు నింపి, మట్టం గుండు పెట్టి బ్రహ్మసూత్రం నిలువు సరిచూశాకే తాళ్లు విప్పాలి. అదనపు బలం కోసమని కొందరు పీఠంలో మామూలు ఇనుప చువ్వ దింపుతారు. ఇనుముకు తడి తగిలి తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి పీఠాన్ని సులువు వాటం వెంటే చీలుస్తుంది. చువ్వ తప్పదనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడాలి, దాని రంధ్రం కూడా పీఠం అంచుకు పది సెంటీమీటర్లకు తగ్గకుండా లోపలే ఉండాలి.